సరిపడా ప్రోటీన్ తింటున్నవాడికి బీసీఏఏ, గ్లూటమిన్ డబ్బాలు ఏం కలుపుతాయి?

ప్రశ్న: "అన్నయ్యా, మాది విజయనగరం, 22 ఏళ్ళు, 66 కేజీలు, జిమ్‌కి వెళ్ళబట్టి ఆర్నెల్లయింది. పొద్దున్న నాలుగు ఇడ్లీలు మూడు గుడ్లు, మధ్యాహ్నం అన్నం పప్పు పెరుగు, జిమ్ అయ్యాక పాలల్లో ఒక స్కూప్ వే ప్రోటీన్ పొడి, రాత్రి అన్నంలోకి వారంలో నాలుగు రోజులు చికెనో చేపో, మిగతా రోజులు రెండు గుడ్లు. మా ట్రైనర్ బీసీఏఏ, గ్లూటమిన్ రెండూ మొదలెట్టమంటున్నాడు, లేకపోతే కండ కరిగిపోద్దంట. రెండూ కలిపి నెలకి 3,300. తీసుకోమంటారా? నవంబర్లో అయ్యప్ప మాల వేస్తాను, అప్పుడు గుడ్లు, చికెన్ ఉండవు."

జవాబు:

వద్దు తమ్ముడూ, రెండూ వద్దు. ఎందుకు వద్దో నీ తిండి లెక్కతోనే చెప్తాను, ఊరికే వద్దంటే రేపు జిమ్‌లో ట్రైనర్ ఇంకో మాట చెప్తాడు, నువ్వు మళ్ళీ మొదటికొస్తావు. నేను ఈ జిల్లాలో వెయిట్‌లిఫ్టింగ్ చేసే గుంటలకి చాలా ఏళ్ళుగా తిండి లెక్కలు రాసిస్తున్నాను, ఈ ప్రశ్న రాని వారం ఉండదు.

ముందు నువ్వు తింటున్నదాంట్లో ప్రోటీన్ ఎంతో చూద్దాం. నాలుగు ఇడ్లీలంటే 8 గ్రాములు వేసుకో, మూడు గుడ్లు 18, పొద్దున్నకి 26. మధ్యాహ్నం అన్నానికి నూటయాభై గ్రాముల బియ్యం అనుకుంటే 11, కందిపప్పు పొడిగా ఉన్నప్పుడు తూస్తే ఒక నలభై గ్రాములు పడుతుంది, దాంట్లో 9, పెద్ద గిన్నెడు పెరుగు 7, అక్కడికి 27. జిమ్ అయ్యాక స్కూప్‌లో 24, పావులీటరు పాలల్లో 8, మొత్తం 32. రాత్రి చికెన్ ఉన్న రోజు ఎముక తీసేసి 150 గ్రాముల మాంసం వేసుకుంటే 30, అన్నం 7, అంటే 37. అన్నీ కలిపితే 122 గ్రాములు. చికెన్ లేని రోజు రాత్రికి రెండు గుడ్లు అన్నం కలిపి 19 అవుతాయి కాబట్టి 104. చట్నీలో పల్లీలు, సాంబార్లో పప్పు నేను లెక్కలోకి తీసుకోలేదు, అది నీకు బోనస్.

నువ్వు 66 కేజీలు కదా, కేజీకి 1.6 గ్రాములు చొప్పున 106 అవుతుంది. ఈ 1.6 అనేది ఎక్కణ్ణించి వచ్చిందంటే 2018లో మోర్టన్ అనే ఆయనా ఇంకొందరూ కలిసి 49 పరిశోధనలు, 1,863 మంది లెక్కలు ఒకచోట చేర్చి చూశారు, బరువులెత్తే వాళ్ళకి ప్రోటీన్ పెంచేకొద్దీ కండ పెరగడం సుమారు అక్కడిదాకానే కనపడింది, ఆ తర్వాత ఇంకా పోసినా అదనంగా వచ్చింది తేలలేదు. ఏ పనీ లేకుండా మామూలుగా ఉండే మనిషికి మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది కేజీకి 0.83 గ్రాములే. నువ్వు దానికి దాదాపు రెట్టింపు తింటున్నావు. చికెన్ లేని రోజు రెండు గ్రాములు తగ్గింది కదా అని కంగారు పడక్కర్లేదు, గుప్పెడు పల్లీలు నోట్లో వేసుకుంటే సరిపోద్ది.

ఇప్పుడు అసలు సంగతి. బీసీఏఏ అంటే ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అని మూడు అమైనో ఆసిడ్లు. ఇవి ఎక్కడో ప్రత్యేకంగా దొరికేవి కాదు, నువ్వు తినే ప్రతి ప్రోటీన్లోనూ ఉంటాయి. పప్పులో కొంచెం తక్కువ, వేలో ఎక్కువ, అన్నీ సగటు వేసుకుంటే ప్రోటీన్లో నూటికి పద్దెనిమిది పాళ్ళు అవే. అంటే నీ 104 నుంచి 122 గ్రాముల్లో రోజుకి 19 నుంచి 22 గ్రాముల దాకా బీసీఏఏ ఇప్పటికే పోతోంది లోపలికి. ట్రైనర్ చెప్పే డబ్బాలో ఒక స్కూప్‌కి ఐదు నుంచి ఏడు గ్రాములు. నీ వే స్కూప్ ఒక్కదాంట్లోనే ఐదారు గ్రాములు ఉంది, దాంతోపాటు మిగతావన్నీ కూడా ఉన్నాయి, అది తాగిన పావుగంటకి ఇది తాగమంటున్నారంటే ఏటి చెప్పాలి.

"మిగతావన్నీ" అన్నాను చూడు, కిటుకంతా అక్కడే ఉంది. మన ఒంట్లో ప్రోటీన్ కట్టడానికి ఇరవై రకాల అమైనో ఆసిడ్లు కావాలి, అందులో తొమ్మిది ఒళ్ళు తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. బీసీఏఏ ఆ తొమ్మిదిలో మూడు. డబ్బా మీద రాసింది పూర్తిగా అబద్ధం అనలేం, ల్యూసిన్ కండలో కొత్త ప్రోటీన్ కట్టే పనిని మొదలెట్టమని సిగ్నల్ ఇస్తుంది, అది నిజమే, దాన్నే పట్టుకుని అమ్ముతున్నారు. అయితే స్లాబ్ వేసే రోజు మిల్లర్ స్టార్ట్ చేసి కూలీలందర్నీ పిలిచేసి, సిమెంటూ ఇసకా ఉన్నాయి కంకర లేదంటే ఏమవుద్ది? పక్కగోడ పడగొట్టి కంకర తెచ్చుకోవాలి. ఖాళీ కడుపున ఉత్త బీసీఏఏ తాగితే మిగతా ఆరింటిని ఒళ్ళు ఎక్కణ్ణించి తేవాలి, ఉన్న కండలోంచే తీయాలి. కండ పెంచడానికి తాగేది కండ కరిగించిన సరుకుతో పని నడిపించుకోవడమన్న మాట. రాబర్ట్ వుల్ఫ్ అనే శాస్త్రవేత్త 2017లో రాసిన సమీక్షలో సరిగ్గా ఈ మాటే ఉంది, నరంలోకి ఉత్త బీసీఏఏ ఎక్కించి చూసిన పాత పరిశోధనల్లో కండ కరగడం తగ్గింది గానీ కట్టడం కూడా తగ్గిందని ఆయన చూపించాడు.

దీనికి ఎదురుగా ఇంకో పరిశోధన కూడా చెప్పాలి, లేకపోతే నేనూ సేల్స్‌మన్ లాగే ఒకవైపే చెప్పినట్టు అవుద్ది. అదే 2017లో బ్రిటన్లో జాక్‌మన్ బృందం బరువులెత్తే అలవాటున్న కుర్రాళ్ళకి ఎక్సర్‌సైజ్ అయిన వెంటనే 5.6 గ్రాముల బీసీఏఏ ఇచ్చి చూశారు, ఉత్త తియ్యనీళ్ళలాంటిది తాగినవాళ్ళ కన్నా కండలో ప్రోటీన్ తయారీ 22 శాతం ఎక్కువ కనపడింది. ఈ 22 శాతం అంకె పట్టుకుని అమ్మేవాళ్ళున్నారు. కానీ అంతే బీసీఏఏ ఉండే వే తాగితే పాత పరిశోధనల్లో వచ్చింది సుమారు దీనికి రెట్టింపు, ఆ మాట వాళ్ళే రాశారు. ఇంకోటేటంటే అది ఎక్సర్‌సైజ్ అయ్యాక కొన్ని గంటలు కొలిచిన లెక్క, నెలల తరబడి కండ ఎంత పెరిగిందన్నది కాదు. పోలిక కూడా ఏమీ లేనిదాంతో పెట్టారు, నీలాగ వే తాగినవాడితో కాదు. నీకు కావాల్సిన ప్రశ్న వే తాగినవాడికి పైన బీసీఏఏ ఏమన్నా కలుపుతుందా అని, ఏమీ కలపదనే దానికి జవాబు.

"ఖాళీ కడుపున పొద్దున్నే పరిగెడతాను సార్, అప్పుడన్నా కావాలి కదా" అని కానిస్టేబుల్ సెలక్షన్లకి గ్రౌండ్‌లో ప్రాక్టీస్ చేసే గుంటలు అడుగుతుంటారు. రాత్రి తొమ్మిదింటికి తిన్న చికెన్ అరగడానికి చాలా గంటలు పడుతుంది, పొద్దున్న ఐదింటికి నువ్వు బూట్లు కట్టుకునే టైంకి రక్తంలో అమైనో ఆసిడ్లు ఏమీ నిండుకోవు. పైగా నలభై నిమిషాల పరుగుకి ఒళ్ళు కండ తినేసుకునేంత పరిస్థితి రాదు, అయిపోగానే గుడ్లు తింటే సరిపోయింది. మరీ నీరసంగా ఉంటే ఒక అరటిపండు తిని వెళ్ళు, పరుగుకి కావాల్సింది అది.

నొప్పుల సంగతి కొంచెం వేరు. కాళ్ళ రోజు అయిన మర్నాడు మెట్లు దిగలేనంత నొప్పి ఉంటుంది చూడు, అది బీసీఏఏతో కొంచెం తగ్గినట్టు కొన్ని పరిశోధనల్లో వచ్చింది, కొట్టిపారేయను. కాకపోతే ఆ తేడా చిన్నది, నొప్పి తగ్గినంత మాత్రాన బలం బేగి తిరిగొచ్చినట్టు గట్టిగా తేలలేదు, ఆ పోలికలూ ఎక్కువగా ఉత్త నీళ్ళలాంటి వాటితోనే. నెలకి ఇన్ని వందలు పోసి కొనాల్సినంత తేడా అయితే కాదు.

ఇక గ్లూటమిన్. ఇది ఆ తొమ్మిదిలో లేదు, అంటే ఒళ్ళే తయారు చేసుకుంటుంది, అదీ రోజుకి 40 నుంచి 80 గ్రాముల దాకా ఉంటుందని అంచనా. కండలో విడిగా తిరిగే అమైనో ఆసిడ్లలో అన్నిటికన్నా ఎక్కువ ఉండేది ఇదే, అందుకే "కండకి ఇదే ప్రాణం" అని డబ్బా మీద రాయడం సులువు. అంత చోట ఒక స్కూప్ 5 గ్రాములు పోస్తే, ఆ ఐదు కూడా కండ దాకా వెళ్ళవు, పేగు గోడల కణాలకి గ్లూటమిన్ అంటే మహా ఇష్టం, వాటికి అదే ఇంధనం, తాగినదాంట్లో సగానికి పైగా పేగూ లివరే పట్టేసుకుంటాయి. నువ్వు కండకని తాగితే పేగు తినేస్తుంది.

దీన్ని సూటిగా పరీక్షించారు కూడా. 2001లో కెనడాలో కాండో అనే పరిశోధకుడి బృందం 18 నుంచి 24 ఏళ్ళ వయసున్న 31 మందికి ఆరు వారాలు బరువుల ట్రైనింగ్ ఇచ్చి, 17 మందికి గ్లూటమిన్, మిగతా 14 మందికి ఉత్త పిండిలాంటి పొడి ఇచ్చారు. మోతాదు కొవ్వు తీసేసిన ఒంటి బరువులో కేజీకి 0.9 గ్రాములు. నీ లెక్కకి మారిస్తే రోజుకి దాదాపు యాభై గ్రాములు, అంటే మీ ట్రైనర్ చెప్పేదానికి పది రెట్లు. ఆరు వారాలయ్యాక స్క్వాట్, బెంచ్ బలంలో గానీ కండలో గానీ రెండు గుంపులకీ తేడా లేదు. పది రెట్లకే రాని ఫలితం ఒక స్కూప్‌కి ఎలగొస్తుందో ఆయన్నే అడుగు, గొడవ పెట్టుకోకు గానీ.

గ్లూటమిన్ అసలు దేనికీ పనికిరాదా అంటే అలా కాదు, దానికి వేరే చోటు ఉంది. సికిల్ సెల్ అని మన ఏజెన్సీలో గిరిజన కుటుంబాల్లో కనపడే రక్తం జబ్బు ఉంది కదా, దానికి ఎల్-గ్లూటమిన్ పొడిని 2017లో అమెరికాలో మందుగానే ఆమోదించారు, అది డాక్టరు రాస్తేనే వాడేది. అలాగని ఆస్పత్రిలో ఇస్తారు కాబట్టి అందరికీ మంచిదే అనుకుంటే అదీ తప్పు. ఐసీయూలో అవయవాలు దెబ్బతిన్న రోగులకి ఎక్కువ మోతాదులో ఇచ్చి చూసిన ఒక పెద్ద పరిశోధన 2013లో వచ్చింది, అందులో చావులు తగ్గకపోగా పెరిగాయి. నీలాంటి ఆరోగ్యంగా ఉన్నవాడికి ఐదు గ్రాములు హాని చేస్తుందని నేను అనను, డబ్బు పోవడం తప్ప.

మరి జిమ్‌లో తాగేవాళ్ళందరూ "తేడా తెలుస్తోంది బ్రో" అంటారెందుకు? నేను గమనించింది ఏటంటే, బీసీఏఏ తాగేవాడు దాన్ని ముప్పావు లీటరు నీళ్ళలో కలిపి ఎక్సర్‌సైజ్ మధ్యలో గుటకలేస్తుంటాడు. మన దగ్గర మే నెలలో ఫ్యాన్ కింద నిలబడ్డా చెమట ఆరదు, సముద్రపు గాలి తేమ అలాంటిది, ఆ రేకుల షెడ్డు జిమ్‌లో గంట బరువులెత్తితే ఒంట్లోంచి ఎంత నీరు పోద్దో టీషర్ట్ పిండితే తెలుస్తుంది. అంతకుముందు నీళ్ళు తాగకుండా చేసినవాడు ఇప్పుడు తాగుతున్నాడు, అదీ తేడా. కొన్ని రకాల్లో కెఫీన్ కూడా కలుపుతారు, అప్పుడు ఊపు రాక ఏం చేస్తుంది. నమ్మకం కలగకపోతే నువ్వే చూసుకో: రెండు వారాలు నిమ్మకాయ నీళ్ళలో చిటికెడు ఉప్పు, రెండు చెంచాల పంచదార వేసుకుని అంతే నీళ్ళు అదే టైంలో తాగు, ఒక నోట్‌బుక్‌లో ఏ రోజు ఎంత బరువు ఎన్నిసార్లు ఎత్తావో రాయి, పొద్దున్నే బాత్రూంకి వెళ్ళొచ్చాక బరువు చూసుకుని అదీ రాయి. బీసీఏఏ తాగే నీ ఫ్రెండ్‌ని కూడా రాయమను. పుస్తకంలో తేడా కనపడకపోతే అది నాలిక మీద ఉన్న పుచ్చకాయ ఫ్లేవర్ తేడానే.

ఆ 3,300 ఊరికే ఎక్కువ అనడం లేదు, గుడ్డు ఏడు రూపాయలు వేసుకున్నా 470 గుడ్లొస్తాయి, రోజుకి పదిహేను. అన్ని తినమని కాదు, డబ్బుకి ఎంత సరుకు వస్తుందో తెలియడానికి చెప్తున్నా.

నువ్వు అడగలేదు గానీ ఇంకోటి చెప్పాలి, ఎందుకంటే నీ లెక్కలో 24 గ్రాములు ఆ వే డబ్బా మీద ఆధారపడి ఉంది. ప్రోటీన్ ఎంతుందో ల్యాబ్‌లో మామూలుగా నైట్రోజన్ కొలిచి 6.25తో గుణించి చెప్తారు. గ్లూటమిన్, గ్లైసిన్ లాంటి చవక అమైనో ఆసిడ్లలో నైట్రోజన్ ఎక్కువ, ఒక గ్రాము గ్లూటమిన్ కలిపితే లెక్కలో 1.2 గ్రాముల ప్రోటీన్ లాగ కనపడుద్ది. అందుకని కొందరు వే తగ్గించి ఇవి కలిపేసి డబ్బా మీద 24 అని వేస్తారు, దీన్ని అమైనో స్పైకింగ్ అంటారు. నువ్వు చూడాల్సింది ముందున్న పెద్ద అక్షరాలు కాదు, వెనక పదార్థాల లిస్టు. అందులో గ్లైసిన్, టారిన్, గ్లూటమిన్ అని విడిగా పేర్లుంటే అనుమానించు, "అదనంగా గ్లూటమిన్ కలిపాం" అని గొప్పగా రాసుకున్నా సరే. ఒక స్కూప్‌లో ల్యూసిన్ ఎంతో ఇచ్చారా చూడు, 24 గ్రాముల అసలు వేలో రెండున్నర గ్రాములు అటూ ఇటుగా ఉండాలి. ఒకటిన్నరే ఉందంటే, లేదా ఆ లెక్కే ఇవ్వలేదంటే, ఇంకో డబ్బా చూసుకోవడం మంచిది. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ 14 అంకెలు ఉందో లేదో కూడా చూడు, బిల్లు లేకుండా జిమ్ కౌంటర్ దగ్గర చేతికిచ్చేవాటి సంగతి నీకు తెలియంది కాదు.

మాల సంగతికొద్దాం. నీకు నిజంగా ప్రోటీన్ తగ్గే కాలం అదే, గుడ్లూ చికెనూ పోతే రోజుకి 30 నుంచి 48 గ్రాములు పోతాయి. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు "స్వామీ, ఇది శాకాహారమే, బీసీఏఏ వేసుకోండి" అంటారు. పోయిన 40 గ్రాముల ప్రోటీన్‌కి ఐదు గ్రాముల బీసీఏఏ ఎలా సరిపోద్ది, పైగా ఆరు రకాలు లేకుండా. దాని బదులు ఇలగ చెయ్యి: మధ్యాహ్నం భిక్షలో అన్నం, పప్పు, పెరుగు ఇప్పుడున్నట్టే, దాంతో పాటు మీల్ మేకర్ పొడిగా ఉన్నప్పుడు నలభై గ్రాములు తూచి కూర చేయించుకో, ఉల్లి వెల్లుల్లి లేకుండా అల్లం పచ్చిమిర్చితో బాగానే ఉంటుంది. ఆ కూర ఒక్కదానికే 20 గ్రాములు, భిక్షకి మొత్తం 47. రాత్రి టిఫిన్‌కి ఇడ్లీ బదులు పెసరట్టు, అరవై గ్రాముల పెసలతో రెండొస్తాయి, 14. పాలల్లో వే 32, పల్లీలు గుప్పెడు 7, పడుకునే ముందు గ్లాసు పాలు 8. కూడితే 108, నీ 106కి సరిపోయింది. వే అంటే పాలలోంచి తీసిందే, కానీ మాలలో వాడొచ్చో లేదో మీ గురుస్వామిని అడుగు, అది నేను చెప్పేది కాదు. వద్దంటే ఆ స్కూప్ బదులు గట్టి పెరుగు, పనీరు, వేయించిన శనగలు పెంచుకో, నాలుగైదు గ్రాములు అటూ ఇటూ అయినా ఆ నలభై రోజుల్లో కండేమీ కరిగిపోదు, బరువులు మానకుండా ఎత్తుతున్నంతవరకూ. ఒకటి మాత్రం చూసుకో, మీల్ మేకర్ ఒక్కసారిగా ఎక్కువ మొదలెడితే గ్యాస్ పట్టేస్తుంది, మొదటి వారం ఇరవై గ్రాములతో మొదలెట్టు.

ఇది చదివే శ్రీకాకుళం వాళ్ళకి ఒక మాట. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు, అంటే ఉద్దానం వాళ్ళైతే పైన రాసిన 1.6 లెక్క మొదలెట్టక ముందే క్రియాటినిన్, యూరిన్‌లో ప్రోటీన్ టెస్టులు చేయించండి. అక్కడ కిడ్నీ జబ్బు ఎందుకొస్తుందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు, షుగరూ బీపీ లేని రైతులకీ వస్తోంది, మొదట్లో ఏ లక్షణమూ తెలీదు. కిడ్నీ ఇప్పటికే తగ్గి ఉన్నవాడికి డాక్టర్లు చాలాసార్లు ప్రోటీన్ తగ్గించమంటారు, అలాంటివాడు నా లెక్క పట్టుకుని రోజుకి 120 గ్రాములు తింటే కష్టం. బీసీఏఏ, గ్లూటమిన్ పొడులూ చివరికి అదే నైట్రోజన్, అవి కూడా యూరియాగానే బయటికి పోవాలి. రిపోర్ట్ ఇచ్చేటప్పుడు నువ్వు బరువులెత్తుతావని, క్రియేటిన్ ఏమన్నా వాడుతుంటే ఆ సంగతీ డాక్టరుకి చెప్పు, కండ ఎక్కువున్నా క్రియేటిన్ వాడినా క్రియాటినిన్ కాస్త ఎక్కువగా చూపిస్తుంది, అది జబ్బా కాదా ఆయన తేలుస్తారు.

తమ్ముడూ, మీ ఇంట్లో గానీ అమ్మగారి వైపు గానీ కిడ్నీ జబ్బున్నవాళ్ళు ఉంటే అది కింద రాయి, నీ లెక్క వేరేగా వేయాల్సి వస్తుంది.